గ్యాస్ గోలీ, ఆగిన నెలసరి

(దేవరకొండలో ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంల సమావేశంలో ఒక స్త్రీవైద్య నిపుణురాలు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్తే. పొద్దున రక్తహీనత గురించి చాలాసేపు చెప్పారు కాబట్టి నేను మళ్లీ దాని జోలికి పోను. నాకిచ్చిన విషయం సంతానలేమి. ఈ గంటలో అది మొత్తం చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకే ఒక్క ముక్క ఎంచుకున్నాను. పెద్ద మిషన్లు లేకుండా, మీరు ఇంటికి వెళ్లి నాలుగు మాటలు అడిగితే పట్టుకోగలిగిన ముక్క అది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువై నెలసరి ఆగిపోవడం. అందులోనూ మన దగ్గర ఎక్కువగా కనిపించి, ఎక్కువగా తప్పిపోయే కారణం ఒకటుంది. మందుల షాపులో చేతికిచ్చే గ్యాస్ గోలీ.

కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. ఒక కేసు చెప్తాను, వినండి.

ఇరవై ఏడేళ్ల అమ్మాయి. పేరు, ఊరు చెప్పను. పెళ్లయి నాలుగేళ్లు. మొదటి రెండేళ్లు నెలసరి ఇరవై ఎనిమిది, ముప్పై రోజులకు సక్రమంగా వచ్చేది. తర్వాత నలభై రోజులు, ఆ తర్వాత రెండు నెలలు, నా దగ్గరికి వచ్చేనాటికి నాలుగు నెలలుగా అసలు లేదు. అత్తగారు మూత్ర పరీక్ష పట్టీ తెప్పించి మూడుసార్లు చూశారట, గర్భం లేదు. ఒక చోట స్కానింగ్ చేసి 'నీటి బుడగలు' అన్నారు. బరువు తగ్గమన్నారు. ఆ పిల్ల మనిషే నలభై ఆరు కిలోలు, ఎక్కడి నుంచి తగ్గుతుంది? నెలసరి రావడానికి ఐదు రోజుల గోలీలు రాశారు. మొదటిసారి కొంచెం మరక కనిపించింది. రెండోసారి అదీ లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం, ఎందుకంటే విషయమంతా ఈ 'అదీ లేదు'లోనే ఉంది. నీటి బుడగలు, అంటే పీసీఓఎస్ ఉన్నవాళ్లలో అండం విడుదల కాకపోయినా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒంట్లో తగినంత ఉంటుంది. గర్భసంచి లోపలి పొర పెరిగే ఉంటుంది. గోలీలు వేసి ఆపగానే ఆ పొర ఊడి రక్తస్రావం అవుతుంది. ఈ పిల్లకు కాలేదు. స్కాన్ కాగితం తిరగేసి చూస్తే లోపలి పొర నాలుగు మిల్లీమీటర్లు అని రాసి ఉంది. అంటే ఊడటానికి అక్కడ పొరే లేదు. ఈస్ట్రోజెనే తయారు కావడం లేదు. అండాశయంలో చిన్న చిన్న సంచులు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ కాదు. ముఖాన వెంట్రుకలు లేవు, మొటిమలు లేవు, బరువు లేదు. ఇన్ని లేనప్పుడు ఆ పేరు పెట్టే ముందు ఇంకో పరీక్ష చేయించాలి.

రక్తం తీయించాం. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.4, బాగానే ఉంది. ప్రొలాక్టిన్ 96. గర్భం లేని, పాలివ్వని ఆడమనిషికి మామూలుగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. ల్యాబును బట్టి ఆ గీత కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. 96 అంటే దాదాపు నాలుగింతలు.

"ఏమైనా మందులు వాడుతున్నావా?" అంటే "ఏం లేవు మేడమ్" అంది. అప్పుడు నర్సమ్మ అడిగిన తీరు వేరు. "బిడ్డా, నీ సంచిలో ఏమున్నయో చూపియ్యి" అంది. సంచిలో పర్సు, పర్సులో సగం వాడిన క్యాప్సూల్ స్ట్రిప్. "అది గోలీ కాదక్కా, గ్యాస్‌ది" అంది ఆ పిల్ల. పత్తి ఏరడానికి పోయే రోజుల్లో పొద్దున తినకుండా పోయేది, మధ్యాహ్నం పచ్చికారం వేసుకుని అన్నం తినేది, సాయంత్రానికి ఛాతీలో మంట. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక క్యాప్సూల్ ఇచ్చాడు. మంట తగ్గింది. పది రోజులకని ఇచ్చింది పది రోజుల్లో ఆగలేదు. ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లి మెడికల్ షాపులో చూపిస్తే ఇంకొకటి ఇచ్చేవాళ్లు. అట్లా ఏడాదిన్నర. లెక్క వేసుకుంటే నెలసరి ఆలస్యం కావడం మొదలైంది కూడా అప్పటి నుంచే.

స్ట్రిప్ వెనకాల పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరు, దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో అసలు మందుల పేర్లు. రెండున్నాయి. ఒకటి రాబెప్రజోల్, ఇది కడుపులో ఆమ్లం తగ్గించే మందు. దీనితో మనకు గొడవ లేదు. రెండోది లీవోసల్పిరైడ్, 75 మిల్లీగ్రాములు. గొడవంతా దీనితోనే.

ఇప్పుడు ఆ గొడవేంటో చెప్పాలి. పుర్రె లోపల, కళ్ల వెనకాల శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. ప్రొలాక్టిన్ అక్కడి నుంచే వస్తుంది. కాన్పయ్యాక పాలు తయారుచేయించే హార్మోన్ అది. మిగతా హార్మోన్లను మెదడు తట్టి లేపుతుంది, అప్పుడు అవి వస్తాయి. ప్రొలాక్టిన్ సంగతి తిరగబడి ఉంటుంది. దాన్ని ఎవరూ లేపక్కర్లేదు, దానంతటదే ఉబికి వస్తుంటుంది. మెదడు నుంచి డోపమైన్ అనే పదార్థం దిగి దాన్ని ఎప్పుడూ అణిచి ఉంచాలి. సాగర్ ఎడమ కాలువ మీద తూము తలుపు ఉంటుంది చూడండి. నీళ్లు వెనక సిద్ధంగా ఉన్నాయి, తలుపు కిందికి దించి ఉన్నంతసేపు ఆగుతాయి. తలుపు కొంచెం లేచిందా, ఇక పారడమే. ఇక్కడ డోపమైన్ ఆ తలుపు.

లీవోసల్పిరైడ్ ఏం చేస్తుందంటే డోపమైన్ వచ్చి కూర్చునే చోటును తాను ఆక్రమిస్తుంది. పొట్టలో అలా చేస్తే కడుపు త్వరగా ఖాళీ అవుతుంది, త్రేన్పులు, ఉబ్బరం తగ్గుతాయి. అందుకే గ్యాస్ మందులో కలిపారు. కానీ రక్తంలోకి వెళ్లిన మందు పొట్ట దగ్గరే ఆగిపోదు కదా. పిట్యూటరీ దగ్గరా అదే పని చేస్తుంది. ప్రొలాక్టిన్ పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ లీవోసల్పిరైడ్ మొదట మానసిక జబ్బుల మందుగా తయారైంది. తక్కువ మోతాదులో పొట్టకు వాడటం తర్వాత వచ్చింది. ఆ సంగతి తెలిస్తే మన ఊళ్లలో సోడా తాగినంత తేలిగ్గా దీన్ని మింగరనుకుంటాను.

డాంపెరిడోన్ అని ఇంకోటి ఉంది, అది మనకు ఇంకా బాగా తెలుసు. వాంతులకు పది మిల్లీగ్రాముల గోలీ, గ్యాస్ క్యాప్సూల్‌లో ముప్పై మిల్లీగ్రాములు మెల్లగా కరిగేలా పెట్టింది. "ఇది మెదడులోకి పోదు, సేఫ్" అని చెప్తుంటారు. మాట నిజమే, మెదడులోకి పెద్దగా పోదు. కానీ పిట్యూటరీ గ్రంథి మెదడును కాపాడే ఆ గోడకు బయట ఉంది. అక్కడికి మందు నేరుగా వెళ్తుంది. కాబట్టి ప్రొలాక్టిన్ విషయంలో ఆ సేఫ్ పనికిరాదు. యూరప్‌లో 2014 లో మందుల నియంత్రణ సంస్థ డాంపెరిడోన్‌ను వికారం, వాంతులకే, అదీ మామూలుగా వారం మించకుండా వాడమని చెప్పింది. దానికి కారణం గుండె లయ తప్పే ప్రమాదం, నెలసరి కాదు. అయినా ఏళ్ల తరబడి వాడే మందు కాదన్న సంగతి అర్థమవుతుంది. మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే కుటుంబం.

ప్రొలాక్టిన్ పెరిగితే నెలసరి ఎందుకు ఆగుతుందంటారా? బిడ్డకు పాలిస్తున్న తల్లికి కొన్ని నెలలు నెలసరి రాదు. వెంటవెంటనే కాన్పు రాకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు. ప్రొలాక్టిన్ పెరిగితే అండాశయాన్ని నడిపే ఆజ్ఞలు మెదడు నుంచి మందగిస్తాయి. అండం ఎదగదు, విడుదల కాదు, ఈస్ట్రోజెన్ పడిపోతుంది. బిడ్డ లేకపోయినా, పాలివ్వకపోయినా ఒళ్లు తాను బాలింతనన్నట్టే నడుస్తుంది. కొందరికి నెలసరి వస్తూనే ఉంటుంది, అండం మాత్రం సరిగా విడుదల కాదు. "నెలసరి వస్తుంది కదా" అని వాళ్ల దగ్గర ఈ పరీక్ష గుర్తుకు రాదు. వాళ్లే ఎక్కువగా తిరిగి తిరిగి అలసిపోతారు.

ఆ పిల్ల జాకెట్ మీద తడి మరకలు కనిపించేవట, చెమటనుకుంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పాలు కారుతున్నాయేమో అని మీరు అడగాలి, కానీ ఒత్తి ఒత్తి చూడమని చెప్పొద్దు. ఒత్తడం వల్ల కూడా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. పాలు రాకపోయినా ప్రొలాక్టిన్ ఎక్కువ ఉండొచ్చు, అందుకని పాలు లేవు కాబట్టి ఇది కాదు అని కొట్టిపారేయొద్దు.

ఇక రక్తం ఇచ్చే పద్ధతి. పరుగెత్తుకుంటూ వచ్చి, బస్సులో నిలబడి వచ్చి, సూది చూసి భయపడి ఇచ్చిన రక్తంలో ప్రొలాక్టిన్ కాస్త ఎక్కువే చూపిస్తుంది. నిద్రలో అది పెరుగుతుంది, లేచిన వెంటనే ఇచ్చినా ఎక్కువ వస్తుంది. లేచిన రెండు మూడు గంటల తర్వాత, ఓ అరగంట కూర్చుని, నెమ్మదించి ఇవ్వాలి. 30, 35 లాంటి అంకె వస్తే దాన్ని పట్టుకుని కంగారుపడకుండా ఇంకోసారి ఇలా ఇప్పించి చూడాలి. నా దగ్గరికి 32 వచ్చిందని ఏడుస్తూ వచ్చిన వాళ్లున్నారు. రెండోసారి తీస్తే 17.

మళ్లీ మన అమ్మాయి దగ్గరికి వద్దాం. లీవోసల్పిరైడ్ ఉన్న క్యాప్సూల్ ఆపాం. మంటకు రాబెప్రజోల్ ఒక్కటే ఉన్న గోలీ కొన్ని వారాలు ఇచ్చాం. మొత్తం ఒక్కసారి ఆపేస్తే ఆమ్లం ఎగదన్ని మంట రెట్టింపవుతుంది, అప్పుడు మళ్లీ పాత స్ట్రిప్ కోసం పరుగెత్తుతారు. ఇలాంటి మందు ఆపాక ప్రొలాక్టిన్ పడిపోవడానికి మామూలుగా కొద్ది రోజులు చాలు. మూడు రోజులు ఆపి మళ్లీ చూడొచ్చని పుస్తకాల్లో ఉంటుంది. ఆమె వచ్చిపోయే ఖర్చు చూసి నేను రెండు వారాలకు రమ్మన్నాను. ప్రొలాక్టిన్ 18. నెలసరి వెంటనే రాలేదు, అది ఆశించొద్దు. అండాశయం మళ్లీ పని మొదలుపెట్టాలి, పొర పెరగాలి. ఆరో వారంలో వచ్చింది. ఆ తర్వాత ముప్పై రెండు, ముప్పై రోజులకు వచ్చింది. వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే ఐయూఐ చేయించుకోవాలని ఎవరో ముందే లెక్క చెప్పి ఉంచారు, ఆ డబ్బు మిగిలింది. ఐదో నెలలో గర్భం వచ్చింది. అందరికీ ఇంత సాఫీగా జరుగుతుందని అనుకోవద్దు. ఆమె భర్త వీర్య పరీక్ష బాగుంది, ఆమె అండవాహిక గొట్టాలు తెరిచే ఉన్నాయి, అడ్డం ఒక్కటే ఉంది కాబట్టి సాధ్యమైంది.

మందు ఆపినా ప్రొలాక్టిన్ దిగకపోతే? అప్పుడు మందు కారణం కాదు, లేదా మందొక్కటే కారణం కాదు. థైరాయిడ్ తక్కువగా ఉంటే కూడా ఇది పెరుగుతుంది. థైరాయిడ్‌కు మందు వేస్తే ప్రొలాక్టిన్ దానంతటదే దిగుతుంది, వేరే మందు అక్కర్లేదు. అందుకే రెండు పరీక్షలూ కలిపి చేయించాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకూ పెరుగుతుంది. ఇవేవీ కాకుండా 100 దాటి ఉంటే పిట్యూటరీలో చిన్న గడ్డ ఉందేమోనని ఎంఆర్‌ఐ తీస్తారు. 250 దాటితే గడ్డ పెద్దదై ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని మందులతో కూడా 200 దాటొచ్చు కాబట్టి అంకెను చూసి ఎవరికీ గడ్డ అని చెప్పేయొద్దు. గడ్డ అనగానే క్యాన్సర్ అనుకుంటారు. దాదాపు ఎప్పుడూ కాదు. చాలామందికి ఆపరేషన్ కూడా అక్కర్లేదు, క్యాబర్గోలిన్ అనే గోలీ వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే గడ్డ కూడా కుదించుకుపోతుంది. రాత్రి అన్నం తిన్నాక పడుకునే ముందు వేసుకోమంటాం, లేకుంటే తల తిరిగి వాంతి వచ్చినట్టు ఉంటుంది. కానీ తలనొప్పితో పాటు పక్కల నుంచి వచ్చే బండి కనిపించడం లేదంటే, గుమ్మానికి భుజం తగులుతుందంటే, ఆమెను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపాలి. చూపు నరం మీద ఒత్తిడి పడుతోందని అర్థం. దానికి నెలసరి గురించి ఆగి చూడటం ఉండదు.

ప్రశ్నలు అడగండి.

(ఒక ఆశా కార్యకర్త: మేడమ్, బాలింతలకు పాలు రాకుంటే డాంపెరిడోనే ఇస్తున్నరు గదా. మంచిదా, చెడ్డదా?)

మంచి ప్రశ్న. ఇదే పనిని అక్కడ కావాలని చేయిస్తున్నారు. ప్రొలాక్టిన్ పెరిగితే పాలు పెరుగుతాయనే లెక్క. డాక్టరు చూసి, తల్లికి గుండె జబ్బు లేదని తెలుసుకుని, కొద్ది రోజులకని ఇస్తే అది వాళ్ల నిర్ణయం. ముందు చూడాల్సింది బిడ్డ రొమ్ము సరిగా పట్టుకుంటుందా, రాత్రి కూడా తాగుతుందా అన్నది. పాలు మాన్పించాక కూడా ఆ గోలీ కొనసాగుతుంటే మాత్రం నెలసరి ఆలస్యమవుతుంది. అది మీరు అడిగి ఆపించాలి.

(ఇంకొకరు: మా తండాలో ఒకామెకు మనసు బాగలేదని గోలీలు నడుస్తున్నయి. నెలసరి ఆగింది. ఆపమని చెప్పాలా?)

వద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. గ్యాస్ గోలీ ఆపితే మంట వస్తుంది, అంతే. రిస్పెరిడోన్, అమిసల్పిరైడ్ లాంటి మందులు ఒక్కసారి ఆపితే జబ్బు తిరగబడుతుంది, మనిషే చేజారిపోవచ్చు. ఆ మందులు కూడా ప్రొలాక్టిన్ పెంచుతాయి, ఆ మాట నిజమే. ఆమెను ఆ మానసిక వైద్యుడి దగ్గరికే పంపండి, నెలసరి ఆగిందని చీటీ రాసి ఇవ్వండి. ప్రొలాక్టిన్ అంతగా పెంచని మందుకు మార్చడం, మోతాదు చూడటం వాళ్లు చేస్తారు. నల్గొండలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది కదా, అక్కడ ఆ విభాగానికి తీసుకెళ్లండి. ఈలోపు రోజూ గోలీ మింగుతోందో లేదో మీరు చూసుకోండి.

(వెనక నుంచి: మేడమ్, ముందు గర్భ పరీక్ష ఎందుకు? ప్రొలాక్టిన్ చూస్తే తెలిసిపోదా?)

తెలియదు, ఇంకా గందరగోళం అవుతుంది. గర్భం వస్తే ప్రొలాక్టిన్ సహజంగానే పెరుగుతుంది, నెలలు నిండేటప్పటికి 200 కూడా దాటుతుంది. గర్భం సంగతి చూడకుండా ప్రొలాక్టిన్ తీసి, ఎక్కువుందని మందు మొదలుపెట్టిన సంఘటనలు ఉన్నాయి. కాబట్టి ముందు మూత్ర పట్టీ, తర్వాత రక్తం. మీ దగ్గర పట్టీలు ఉంటాయి, ఆ పని మీ చేతిలోనే అయిపోతుంది.

(మరొకరు: స్ట్రిప్ మీద పేరు చదవరాకుంటే ఎట్లా?)

స్ట్రిప్ వెనక వైపు ఫోటో తీసి ఏఎన్ఎంకు, పీహెచ్‌సీ డాక్టరుకు పంపండి. కంపెనీ పేరు చివర 'డి' ఉంటే డాంపెరిడోన్, 'ఎల్' ఉంటే లీవోసల్పిరైడ్ అని చాలామంది గుర్తుపెట్టుకుంటారు. అది అన్నిసార్లూ నిజం కాదు, లోపలి పేరే చూడాలి. చింపి వాడిన స్ట్రిప్‌లో ఆ భాగం ఊడిపోయి ఉంటే అదే షాపులో పెట్టె చూపించమనండి. ఇంటికి వెళ్లినప్పుడు "మందులు వాడుతున్నారా" అని అడగొద్దు. లేదంటారు. "కడుపుమంటకు ఏం వేసుకుంటావు, వాంతికి ఏం వేసుకుంటావు, నిద్రకు ఏం వేసుకుంటావు, ఒక్కసారి చూపించు" అనండి. అత్తగారి పర్సులోవి కూడా అడగండి. ఇంట్లో ఒకే స్ట్రిప్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మీకు తెలియనిది కాదు.